యాభైలో పద్దెనిమిది

బీమా ఏజెంటు కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ "లైసెన్సు పరీక్ష రాస్తున్నా" అనే చెబుతారు. ఆ లైసెన్సు పోయి పదేళ్లు దాటింది. అంతకుముందు పరీక్ష పాసైనవాళ్లకు మూడేళ్ల గడువుతో లైసెన్సు వచ్చేది. గడువు ముగిస్తే మళ్లీ శిక్షణ, మళ్లీ ఫీజు, మళ్లీ రెన్యువల్. 2015లో 1938 నాటి బీమా చట్టాన్ని సవరించినప్పుడు ఆ తతంగమంతా ఎత్తేశారు. ఇప్పుడు ఏజెంటును నియమించేది బీమా కంపెనీయే. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఉన్న నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు రాస్తుంది, దేశంలోని ఏజెంట్లందరి పట్టీ ఒకచోట ఉంచుతుంది. అంతవరకే దాని పని. చేతికి వచ్చే కాగితం లైసెన్సు కాదు, కంపెనీ ఇచ్చే నియామక పత్రం. దాంతోపాటు ఒక ఏజెన్సీ కోడ్, ఒక గుర్తింపు కార్డు వస్తాయి.

ఇది కాగితం పేరు మారినంత తేలికైన మార్పు కాదు. ఏజెంటు తప్పు చేస్తే ఇప్పుడు నియమించిన కంపెనీ కూడా జవాబు చెప్పాలి. నియామకం లేకుండా పాలసీలు అమ్మిన మనిషికి ఆ సవరణ పెట్టిన జరిమానా పదివేల రూపాయల దాకా. అలాంటి మనిషి చేత అమ్మించిన కంపెనీకి కోటి రూపాయల దాకా. బరువు ఎటు మోపారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇంతకీ ఎవరు ఏజెంటు కావచ్చు? తణుకులో ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఒకావిడ ఉందనుకుందాం. వయసు ముప్పై నాలుగు, చదువు పదో తరగతి. జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్లందరితో మాటా మంతీ ఉంది. ఆ పరిచయాలు చూసే ఒక డెవలప్‌మెంట్ ఆఫీసరు వచ్చి "ఏజెన్సీ తీసుకోండమ్మా" అన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండాయి, పదో తరగతి పాసైంది, కాబట్టి చదువు సంగతి సరిపోయింది. పాన్ కార్డు తప్పనిసరి. మోసం, ఫోర్జరీ, నమ్మకద్రోహం వంటి నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. ఇవన్నీ 1-ఏ అనే ఫారంలో నింపి సంతకం పెట్టాలి.

ఆ ఫారం వెళ్లాక జరిగే తనిఖీ చాలామందికి తెలియదు. నియామకాలు చూడటానికి ప్రతి కంపెనీలోనూ ఒక అధికారి ఉంటాడు. ఆయన ముందుగా ఈమె పాన్ నంబరును ఐఆర్‌డీఏఐ పట్టీలో వెతుకుతాడు. ఇప్పటికే మరో జీవిత బీమా కంపెనీకి ఏజెంటుగా ఉందా? గతంలో తప్పు చేసి నల్లజాబితాకి ఎక్కిందా? రెండింటిలో ఏది తేలినా దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఒక మనిషి ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి ఏజెంటుగా ఉండొచ్చు. అంటే ఒకరి తరఫున జీవిత బీమా, మరొకరి తరఫున హెల్త్ పాలసీ అమ్మడానికి అడ్డు లేదు. రెండు జీవిత బీమా కంపెనీలకు మాత్రం కుదరదు. "అన్ని కంపెనీలవీ నా దగ్గరున్నాయి, మీకు ఏది కావాలో చెప్పండి" అన్నవాడు బ్రోకరు సంస్థ తాలూకు మనిషైనా కావాలి, ఇంకెవరి కోడ్ మీదనో పని చేస్తూనైనా ఉండాలి.

ఇంకెవరి కోడ్ అన్నాను కాబట్టి ఒక మాట. మన ఊళ్లలో ఏజెన్సీ భార్య పేరు మీద, తిరిగి అమ్మేది ఉద్యోగస్తుడైన భర్త. ఇది ఎంత మామూలైపోయిందంటే దాన్ని తప్పనే ఎవరూ అనుకోరు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళి మాత్రం, భార్యో మరో కుటుంబసభ్యులో నడిపే బీమా ఏజెన్సీ కోసం ఉద్యోగి ప్రచారం చేసినా అది నియమోల్లంఘనే అని పేరు పెట్టి మరీ చెబుతుంది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇలాంటి ఇళ్లలో పరీక్ష రాసిన మనిషి ఒకరు, పాలసీ గురించి మీకు వివరించే మనిషి ఇంకొకరు. పరీక్ష ఎందుకు పెట్టారో ఆ ప్రయోజనమే అక్కడ గాలికి పోతుంది.

మళ్లీ తణుకు దగ్గరికి వద్దాం. దరఖాస్తు తర్వాత శిక్షణ. 2000లో ఏజెంట్ల నిబంధనలు మొదటిసారి వచ్చినప్పుడు వంద గంటలు తరగతిలో కూర్చోవాలి. 2007లో దాన్ని యాభైకి తగ్గించారు. ఇప్పుడు ఇరవై ఐదు గంటలు. తరగతి గది కూడా చాలావరకు పోయింది, పాఠాలు ఫోనులోనో కంప్యూటర్లోనో నడుస్తాయి. ఎన్ని గంటలు తెరిచి ఉంచారో లెక్క కట్టడం వాటికి వచ్చు, చదివారా లేదా అన్నది పట్టుకోవడం కష్టం. పొయ్యి మీద కూర పెట్టి పక్కన పాఠం నడిపించేసేవాళ్లూ ఉంటారు, పిల్లల చేత నొక్కించేవాళ్లూ ఉంటారు. కంపెనీకి కావలసింది గంటలు పూర్తయిన సర్టిఫికెట్ కాబట్టి పెద్దగా అడిగేవాళ్లు లేరు.

అది కూడా ఎక్కువే అనుకునేవాళ్లకు ఇంకో చిన్న దారి ఉంది. పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ అనే హోదా. దానికి పదిహేను గంటల శిక్షణ చాలు, పరీక్ష కూడా కంపెనీయో బ్రోకరో తామే పెట్టుకుంటారు. ముందే ఆమోదం పొందిన సాదాసీదా పాలసీలు మాత్రమే వాళ్లు అమ్మాలి. ఇన్సూరెన్స్ యాప్‌ల తరఫున ఫోన్ చేసేవాళ్లలో, టూవీలర్ బీమా చేసిపెట్టేవాళ్లలో ఈ కోవకు చెందినవాళ్లు చాలామంది కనిపిస్తారు.

ఇక అసలు పరీక్ష. దాన్ని అందరూ ఐసీ-38 అంటారు. అది ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా తయారుచేసిన పాఠ్యపుస్తకం నంబరు. ఆ సంస్థే పరీక్ష కూడా నిర్వహిస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుని గంటలో యాభై ప్రశ్నలకు జవాబు పెట్టాలి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇస్తారు, ఒకటి ఎంచుకోవాలి. తప్పుకు మార్కు కోత లేదు. తెలుగులో రాయొచ్చు, పుస్తకం కూడా తెలుగులో దొరుకుతుంది. ముప్పై ఐదు శాతం వస్తే పాసు. యాభైలో ముప్పై ఐదు శాతమంటే పదిహేడున్నర, అంటే పద్దెనిమిది ప్రశ్నలు సరిగ్గా పెట్టాలి.

ఇక్కడ కాస్త లెక్క వేసుకోండి. పుస్తకం తెరవని మనిషి కళ్లు మూసుకుని నొక్కుకుంటూ పోయినా, నాలుగింట ఒకటి చొప్పున పన్నెండో పదమూడో తగులుతాయి. పాసు కావడానికి ఏడెనిమిది ప్రశ్నలకు నిజంగా జవాబు తెలిసి, మిగతావి అలా నొక్కేస్తే చాలు. ఈ పరీక్షకు భయపడేవాళ్లను చూసి నవ్వడానికి చెప్పడం లేదు. ఒక కుటుంబం ముప్పై ఏళ్లు డబ్బు కట్టే ఒప్పందం చేయించే మనిషికి ఈ గడప చాలా తక్కువ ఎత్తు అని నా అభిప్రాయం. తక్కువ ఉంచడానికి కారణం లేకపోలేదు. బీమా అందని పల్లెలు, బస్తీలు ఇంకా బోలెడు. అక్కడికి వెళ్లగలిగేది అక్కడి మనుషులే, వాళ్లలో చాలామంది పదో తరగతి దగ్గర బడి మానేసినవాళ్లే.

అలాగని ప్రశ్నలు పనికిమాలినవి కావు. ఈ పరీక్షలో వచ్చే తరహా లెక్క ఒకటి చూడండి. ఒకాయన ఏడాదికి 3,60,000 రూపాయలు సంపాదిస్తాడు. అందులో సొంత ఖర్చు 1,20,000. వడ్డీ 8 శాతం. ఆయన ప్రాణానికి ఎంత విలువ కట్టి బీమా చేయించాలి? ఆయన పోతే ఆ ఇంటికి రాకుండా పోయేది మొత్తం సంపాదన కాదు, తన ఖర్చు పోగా మిగిలిన 2,40,000. ఏటా అంత వడ్డీ రావాలంటే బ్యాంకులో ఎంత ఉండాలి? 2,40,000ను 8 శాతంతో భాగిస్తే 30 లక్షలు. తొందరపడేవాళ్లు మొత్తం ఆదాయాన్ని భాగించి 45 లక్షల మీద నొక్కుతారు. ఆ సంఖ్యను కూడా జవాబుల్లో పెట్టే ఉంచుతారు.

ఈ లెక్క పరీక్ష హాలు దాటాక కూడా పనికొస్తుంది. వడ్డీ 8 నుంచి 6కి పడిపోతే అదే కుటుంబానికి 40 లక్షలు కావాలి. "అయిదు లక్షల పాలసీ చేయించా, ఇక దిగుల్లేదు" అనుకునే ఇంటి పెద్దకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగిన ఏజెంటు, చూపించలేని ఏజెంటు ఒకటి కారు. పరీక్షలో మాత్రం ఇద్దరికీ ఒకే సర్టిఫికెట్ వస్తుంది.

పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది పాత ప్రశ్నల బిట్ల దగ్గర. వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చే ఆ పీడీఎఫ్‌లు ఏనాటివో ఎవరికీ తెలియదు. పాలసీ కాగితం చేతికి వచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులు అంటే, పాత బిట్లలో పదిహేను అని ఉంటుంది. 2024లో వచ్చిన పాలసీదారుల రక్షణ నిబంధనల తర్వాత అది ముప్పై రోజులు. ఆరోగ్య బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా ఆగాల్సిన కాలం నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది కూడా ఆ ఏడాదే. పరీక్షలో ఒక మార్కు పోతే పోయింది. పాత సంఖ్యనే బుర్రలో పెట్టుకుని "పదిహేను రోజులు దాటిపోయాయండీ, ఇక వెనక్కి ఇవ్వడం కుదరదు" అని చెబితే నష్టపోయేది కొన్నాయన. అందుకే ఐసీ-38 కొత్త ముద్రణ చూసి చదవడం మేలు.

పాసైనంత మాత్రాన ఏజెంటు అయిపోరు. ఆ సర్టిఫికెట్ పన్నెండు నెలలు చెల్లుతుంది. ఆలోగా ఒక కంపెనీ నియమించకపోతే మళ్లీ పరీక్షే. "పాసై పెట్టుకుంటా, తర్వాత చూద్దాం" అనుకునేవాళ్లు ఈ గడువు మరిచిపోతుంటారు.

తణుకు ఆవిడకు నియామక పత్రం వచ్చింది. ఇక్కడి నుంచి ఆమె చేసే ప్రతి పనికీ 2016 నాటి నియామక నిబంధనల్లోని ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. నా మటుకు అసలు పరీక్ష ఇదే, దీనికి హాల్ టికెట్ ఉండదు. ముందుగా కార్డు చూపించి తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చిందో చెప్పాలి. కొనేవాళ్లు అడిగితే తన కమిషన్ ఎంతో దాచకుండా చెప్పాలి. అడిగేవాళ్లు తక్కువ, అడిగినా "ఏదో కొద్దిగా వస్తుందండీ" అని తప్పించుకునేవాళ్లే ఎక్కువ. అడగడం మీ హక్కు అని మాత్రం గుర్తుంచుకోండి.

పక్క వీధిలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు, వయసు నలభై ఆరు. పాలసీ తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. ప్రపోజల్ ఫారంలో షుగరు గురించిన ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఈ షుగరు సంగతి రాయకపోతే ఏం చెల్లెమ్మా? పొద్దున్నే మాత్ర ఏసుకుంటే కంట్రోల్లోనే ఉంటది కదా."

"రాయాల్సిందే అన్నయ్యా. రేపు మీ ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తది."

రాస్తే ఏమవుతుంది? కంపెనీ రక్తపరీక్ష అడగొచ్చు, ప్రీమియం కాస్త పెంచొచ్చు, మరీ ఎక్కువుంటే వద్దనొచ్చు. ఏజెంటు బాధ అంతా ఇక్కడే. వద్దంటే కమిషన్ పోయినట్టే, ఆలస్యమైతే ఆయన మనసు మార్చుకుంటాడు. అందుకే చాలామంది "లేదు" అని టిక్కు పెట్టేసి సంతకం చేయిస్తారు.

రాయకపోతే ఏమవుతుందో చట్టంలోని 45వ సెక్షను చెబుతుంది. పాలసీ మొదలైన మూడేళ్ల లోపల కంపెనీ దాన్ని ప్రశ్నించవచ్చు. ఆ మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. ఆ ఆటో డ్రైవరు రెండో ఏట గుండెపోటుతో పోయాడనుకోండి. ఆస్పత్రి కేస్ షీట్‌లో "నాలుగేళ్లుగా మధుమేహం" అని డ్యూటీ డాక్టరు ఒక ముక్క రాసి ఉంటాడు. కంపెనీ ఆ కాగితం తెప్పించుకుని చూస్తుంది, క్లెయిం తిరస్కరిస్తుంది. మోసం అని కాకుండా నిజం దాచారు అన్న కారణంతో తిరస్కరిస్తే, కట్టిన ప్రీమియాలు 90 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. లక్షలు రావలసిన ఇంటికి వేలు వస్తాయి. ఇంకో మెలిక ఉంది. పాలసీ ల్యాప్సై మళ్లీ పునరుద్ధరిస్తే మూడేళ్ల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఏజెంటు వాయిదా గుర్తుచేయడం మర్యాదకు చేసే పనిలా కనబడుతుంది గానీ, దాని వెనక ఇంత సంగతుంది.

ఏజెంటు తన తరఫున కూడా కంపెనీకి ఒక రహస్య నివేదిక ఇవ్వాలి. ఈ మనిషిని ఎన్నాళ్లుగా తెలుసు, అలవాట్లేమిటి, చెప్పిన ఆదాయం నమ్మదగిందేనా అని. దాన్ని ఫారం వెనక పేజీలా చూసి గబగబా నింపేసేవాళ్లున్నారు. క్లెయిం గొడవ వస్తే మొదట తీసేది ఆ కాగితమే, కింద ఉండేది ఏజెంటు సంతకమే.

డబ్బు దగ్గర రెండు నిబంధనలు చూడాలి. కంపెనీ తరఫున ఏజెంటు ప్రీమియం వసూలు చేస్తే, సెలవు దినాలు పోను ఇరవై నాలుగు గంటల్లో కంపెనీకి చేర్చాలి. అదీ తన కమిషన్ మినహాయించుకోకుండా పూర్తి మొత్తం. పది ఇళ్లలో వసూలు చేసి నెలాఖరున ఒకేసారి కట్టే అలవాటు చట్టం ముందు నిలవదు. ఈ లోపు ఎవరికైనా ఏదైనా అయితే వాళ్ల పాలసీ అప్పటికి కట్టనట్టే లెక్క. ఫోన్‌పేలో ఏజెంటు సొంత నంబరుకు పంపి "కట్టేశాం" అనుకునేవాళ్లు కంపెనీ రసీదు మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోవాలి.

రెండోది "మొదటి ప్రీమియం నేనే కడతా, పాలసీ తీసుకోండి" అనే ఎర. ఇది 41వ సెక్షను కింద నిషిద్ధం. 2015 సవరణ జరిమానాను పది లక్షల దాకా పెంచింది. ఇచ్చినవాడిదే కాదు, పుచ్చుకున్నవాడిదీ తప్పే. ఆ మాట ప్రపోజల్ ఫారం మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి కూడా ఉంటుంది. అలా ఊరికే వచ్చిన పాలసీకి రెండో ఏడాది ప్రీమియం కట్టేవాడు అరుదు.

పాత పాలసీ రద్దు చేయించి కొత్తది అంటగట్టడం కూడా నిబంధనలు వద్దన్న పనే. కొత్త పాలసీకి మొదటి ఏడాది కమిషన్ ఎక్కువ కాబట్టి ఈ యావ పుడుతుంది. కొన్నవాడికి వయసు పెరిగినందువల్ల ప్రీమియం పెరుగుతుంది, మూడేళ్ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

మరి ఏజెంటు ఏటా కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా? అమెరికాలోని టెక్సాస్‌లో బీమా అమ్మే తెలుగువాళ్లను అడగండి. అక్కడ పరీక్షకు ముందు తరగతులు తప్పనిసరి కాదు, కానీ లైసెన్సు నిలవాలంటే రెండేళ్లకోసారి 24 గంటల చదువు పూర్తి చేయాలి. మన దగ్గర దీనికి తిరగేసిన పద్ధతి. మొదట్లో శిక్షణ ఉంది, తర్వాత మూడేళ్లకోసారి వచ్చే రెన్యువల్ శిక్షణ 2015తో పోయింది. ఇప్పుడు కొత్త పాలసీ వచ్చినప్పుడల్లా కంపెనీ పెట్టే సమావేశాలే శిక్షణ. వాటిలో పాలసీని ఎలా అమ్మాలో చెబుతారు గానీ, ఎవరికి అమ్మకూడదో చెప్పడం తక్కువ. ఏటా ఇంతమందికి పాలసీ చేయించాలి, ఇంత ప్రీమియం తేవాలి అనే షరతులు కంపెనీలు పెట్టుకుంటాయి, తేలేకపోతే ఏజెన్సీ పోవచ్చు. మార్చి నెలలో ఏజెంట్ల ఫోన్లు ఎక్కువ కావడానికి పన్ను మినహాయింపుల సీజనుతోపాటు ఈ టార్గెట్లు కూడా కారణం.

కంపెనీ మారాలనుకుంటే నియామక పత్రం, కార్డు తిరిగి ఇచ్చేయాలి. కంపెనీ పదిహేను రోజుల్లో విరమణ పత్రం ఇవ్వాలి. ఆ తేదీ నుంచి తొంభై రోజులు గడిస్తేనే అదే రకం బీమాకు మరో కంపెనీలో చేరడానికి వీలు. అదే తప్పు చేసి నియామకం రద్దయితే ఐదేళ్ల దాకా ఎక్కడా దరఖాస్తు పెట్టడానికి లేదు, పేరు కేంద్ర పట్టీలో నల్లజాబితా కింద ఉండిపోతుంది. మీ ఇంటికి వచ్చిన ఏజెంటు ఆ పట్టీలో ఉన్నాడో లేదో ఐఆర్‌డీఏఐ ఏజెన్సీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పేరు దొరక్కపోతే కార్డు మీద ఉన్న కోడ్ చెప్పి దగ్గర్లోని బ్రాంచిలో అడగండి. పెద్ద మొత్తం చేతికిచ్చే ముందు ఆ ఒక్క ఫోను చేసి చూడండి.